ప్రాజెక్టు డైరీ: మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో 350 కె.వి.ఎ.ఆర్. డీట్యూన్డ్ కెపాసిటర్ బ్యాంకు

చిత్తూరు శివార్లలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే పాత కెపాసిటర్ బ్యాంకు తరచూ చెడుతుంటే, దాని స్థానంలో రియాక్టర్లున్న కొత్తది పెట్టిన పనికి సంబంధించిన డైరీ ఇది. మాకు 11 కె.వి. సరఫరా, 11/0.433 కె.వి. నిష్పత్తితో 1000 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉన్నాయి. దాని ఇంపెడెన్సు 5 శాతం. పల్పర్లు, పంపులు, శీతల గిడ్డంగి కంప్రెసర్లలో సగానికి పైగా మోటారు వేగాన్ని మార్చే వి.ఎఫ్.డి.ల మీద నడుస్తాయి, మిగిలినవి నేరుగా స్టార్టర్ల మీద నడిచే పాత మోటార్లు. హెచ్.టి. బిల్లులో యూనిట్లను కె.వి.ఎ.హెచ్.లో లెక్కిస్తారు కనుక పవర్ ఫ్యాక్టర్ తగ్గితే ఆ నష్టం నేరుగా బిల్లులో కనిపిస్తుంది. ఇలాంటి లోడు ఉన్నవారు మా లెక్కలను తమ అంకెలతో మళ్లీ వేసుకోవడానికి వీలుగా ఉంటుందని ప్రతి దశనూ కొలతలతో సహా రాస్తున్నాను.

దశ 1: పాత బ్యాంకు ఎందుకు చెడుతోంది

పాత బ్యాంకులో రియాక్టర్లు లేవు. 440 వోల్టుల లేబుల్ ఉన్న 50 కె.వి.ఎ.ఆర్. స్టెప్పులు ఎనిమిది, మొత్తం 400 కె.వి.ఎ.ఆర్. ప్రతి సీజన్‌లోనూ కొన్ని కెపాసిటర్లు ఉబ్బేవి, వాటిని మార్చేవాళ్లం, మరుసటి ఏడాది మళ్లీ అదే జరిగేది. ఎక్కువగా చెడేవి మొదటి మూడు స్టెప్పులే. ఎక్కువసేపు ఆన్‌లో ఉండేవి అవే కదా అని అందరూ సరిపెట్టుకున్నారు. అందులో నిజం లేకపోలేదు, కానీ కారణం అంతటితో ఆగదు.

కెపాసిటర్ బ్యాంకు, ట్రాన్స్‌ఫార్మర్ కలిసి ఏ హార్మోనిక్ దగ్గర, అంటే 50 హెర్ట్జ్‌కు ఎన్ని రెట్ల దగ్గర, అనునాదంలో పడతాయో ఈ చిన్న సూత్రం చెబుతుంది.

```
h = sqrt(Ssc / Qc)
```

ఇక్కడ `Ssc` అంటే ఎల్.టి. బస్‌బార్ దగ్గరి షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదాని లెక్క 1000/0.05, అంటే 20 ఎం.వి.ఎ. దాని వెనుక ఉన్న 11 కె.వి. లైను వైపు 150 ఎం.వి.ఎ.ని కూడా కలుపుకుంటే అది 17.65 ఎం.వి.ఎ.కు తగ్గుతుంది. `Qc` అంటే ఆన్‌లో ఉన్న కెపాసిటర్ల కె.వి.ఎ.ఆర్., ఈ విషయంలో లేబుల్‌ను నమ్మకూడదు. మా కెపాసిటర్లు వయసు మీద పడి సుమారు ఐదున్నర శాతం కెపాసిటెన్సు కోల్పోయాయి. వాటిని 433 వోల్టులకు మార్చి లెక్కిస్తే 400 బదులు 366 కె.వి.ఎ.ఆర్. మాత్రమే మిగిలింది.

1. ఎనిమిది స్టెప్పులూ ఆన్‌లో ఉంటే h = 6.9, దాదాపు సరిగ్గా 7వ హార్మోనిక్ మీద.
2. ఏడు స్టెప్పులు ఉంటే h = 7.4, అంటే అదే హార్మోనిక్‌కు కొంచెం పైన.
3. మూడు స్టెప్పులు ఉంటే h = 11.3, ఇది 11వ హార్మోనిక్ పక్కనే.

ఆరు పల్సుల వి.ఎఫ్.డి.లు పుట్టించే హార్మోనిక్‌లలో ప్రధానమైనవి 5, 7, 11, 13. పవర్ ఫ్యాక్టర్ రిలే స్టెప్పులను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోతుంటే అనునాదం కూడా పై నుంచి కిందికి దిగుతూ వీటిలో ఏదో ఒకదాని మీద నిలబడుతుంది. బ్యాంకు పరిమాణాన్ని కొంచెం పెంచో తగ్గించో దీన్ని తప్పించలేము, ఎందుకంటే స్టెప్పులు మారినప్పుడల్లా ఆ పరిమాణమే మారుతోంది.

అనలైజర్ పెట్టి చూసిన కొలతలు లెక్కతో సరిపోయాయి. సీజన్ పగటి లోడులో కెపాసిటర్లన్నీ ఆపి ఉంచితే వోల్టేజీ టి.హెచ్.డి., అంటే హార్మోనిక్‌లన్నీ కలిసిన వాటా, 4.2 శాతం ఉంది, అన్నీ ఆన్ చేస్తే 10 శాతానికి చేరింది. 7వ హార్మోనిక్ వోల్టేజీ ఒక్కటే 1.7 నుంచి 7.8 శాతానికి పెరిగింది. రాత్రి శీతల గిడ్డంగి మాత్రమే నడిచే వేళ రిలే మూడు స్టెప్పుల దగ్గర ఆగేది, అప్పుడు 11వ హార్మోనిక్ వోల్టేజీ 5.4 శాతం. తేలిక లోడులో అనునాదాన్ని అణచే నిరోధం తక్కువ, పైగా బస్ వోల్టేజీ 438 దాకా లేచేది. మొదటి మూడు స్టెప్పులు తెల్లవార్లూ భరించినది దీన్నే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ రాత్రి వేళ ఒక్కో స్టెప్పులో కరెంటు 73 ఆంపియర్లు, లేబుల్ ప్రకారం 65.6. ప్రమాణాలు 1.3 రెట్ల వరకూ అనుమతిస్తాయి కనుక కరెంటును మాత్రమే చూసేవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. వోల్టేజీ కూడా లేబుల్ లోపలే ఉంది. అయితే ప్యానెల్ లోపలి గాలి 58 డిగ్రీలు, డి తరగతి కెపాసిటర్లకు గరిష్ఠ హద్దు 55. వోల్టేజీ శిఖరాలు, హార్మోనిక్ కరెంటు, వేడి మూడూ ఒకే రాత్రి ఒకే డబ్బా మీద పడినప్పుడు విడివిడిగా తీసిన కొలతలు దాని ఆయుష్షు గురించి పెద్దగా చెప్పవు.

దశ 2: ఎంత కావాలి

కెపాసిటర్లు ఆపి తీసిన కొలతలతోనే ఈ లెక్క వేయాలి. చెడిన బ్యాంకు ఆన్‌లో ఉండగా తీసిన బిల్లు పవర్ ఫ్యాక్టర్ ఇందుకు పనికిరాదు. మా సాధారణ సీజన్ లోడు 560 కిలోవాట్లు, 50 హెర్ట్జ్ దగ్గరి పవర్ ఫ్యాక్టర్ 0.82. గరిష్ఠ లోడు 640 కిలోవాట్లు.

1. 640 కిలోవాట్ల దగ్గర 0.82కు రియాక్టివ్ లోడు 447 కె.వి.ఎ.ఆర్.
2. మేము చేరాలనుకున్న 0.98 దగ్గర మిగలనివ్వదగినది 130 కె.వి.ఎ.ఆర్.
3. బ్యాంకు ఇవ్వవలసినది 317 కె.వి.ఎ.ఆర్.

కెపాసిటర్ సరిచేయగలిగేది 50 హెర్ట్జ్ దగ్గరి కోణాన్ని మాత్రమే. హార్మోనిక్ కరెంటు వల్ల తగ్గిన పవర్ ఫ్యాక్టర్‌ను ఎన్ని కెపాసిటర్లు పెట్టినా తిరిగి తేలేము. మా కరెంటు టి.హెచ్.డి. 17 శాతం, దాని వల్ల తగ్గేది ఒకటిన్నర శాతమే కనుక ఫిల్టర్ల జోలికి వెళ్లలేదు. అది 30 శాతం దాటిన ఫ్యాక్టరీల్లో బ్యాంకు కొనేముందే ఈ లెక్క చూసుకోవడం మంచిది.

ఇప్పటి లెక్క: 50 కె.వి.ఎ.ఆర్. స్టెప్పులు ఆరు, 25 కె.వి.ఎ.ఆర్. స్టెప్పులు రెండు, బస్‌బార్ దగ్గర నికరంగా 350 కె.వి.ఎ.ఆర్.

దశ 3: 7 శాతం రియాక్టర్, దాని వెంట వచ్చే వోల్టేజీ

ప్రతి స్టెప్పులోనూ కెపాసిటర్‌కు ముందు వరుసలో ఒక రియాక్టర్ పెట్టి, ఆ రెండింటి సొంత అనునాదాన్ని 5వ హార్మోనిక్‌కు కిందికి దించడమే డీట్యూనింగ్. 7 శాతం అంటే 50 హెర్ట్జ్ దగ్గర రియాక్టర్ రియాక్టెన్సు కెపాసిటర్ రియాక్టెన్సులో 7 శాతం అని అర్థం. అప్పుడు సొంత అనునాదం 189 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. దానికి పైనున్న 250, 350, 550 హెర్ట్జ్‌లన్నిటికీ ఆ స్టెప్పు కెపాసిటర్‌లా కాక రియాక్టర్‌లా ప్రవర్తిస్తుంది కనుక ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిసి ఆ హార్మోనిక్‌లను పెంచే అవకాశమే ఉండదు.

ట్రాన్స్‌ఫార్మర్‌తో అనునాదం పూర్తిగా పోదు, దాని చోటు మారుతుంది. 25 స్టెప్పు ఒక్కటే ఆన్‌లో ఉంటే అది 187 హెర్ట్జ్ దగ్గర, మొత్తం 350 ఆన్‌లో ఉంటే 166 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. స్టెప్పులు ఎన్ని కలిసినా ఈ రెండింటి మధ్యే తిరుగుతుంది, అక్కడ మాకు హార్మోనిక్ ఏదీ లేదు. 150 హెర్ట్జ్ దగ్గర 3వ హార్మోనిక్ వోల్టేజీ మా దగ్గర అర శాతం కూడా లేదని కొలిచిన తరువాతే 7 శాతాన్ని ఖాయం చేశాము. సింగిల్ ఫేజ్ లోడు ఎక్కువగా ఉండి 3వ హార్మోనిక్ బలంగా ఉన్నచోట 134 హెర్ట్జ్ దగ్గర పడే 14 శాతం రియాక్టర్లు తీసుకోవాలి.

రియాక్టర్ పెట్టగానే కెపాసిటర్ మీద పడే వోల్టేజీ బస్ వోల్టేజీకంటే పెరుగుతుంది. 415ను 0.93తో భాగిస్తే 446, మా రాత్రి వోల్టేజీ 438కి 471. హార్మోనిక్ వోల్టేజీ దీనికి అదనం. అందుకే 440 వోల్టుల కెపాసిటర్లకు రియాక్టర్లు తగిలించి పని కానిచ్చేద్దామన్న ఆలోచన ఎవరికి వచ్చినా అక్కడే మానుకోవాలి. మేము 525 వోల్టులవి ఎంచుకున్నాము. బస్‌బార్ దగ్గరి నికర అంకె `Qnet` నుంచి లేబుల్ అంకె `Qn`కు రావడానికి లెక్క ఇది. ఇందులో `p` రియాక్టర్ శాతం, `Un` లేబుల్ వోల్టేజీ, `U` బస్ వోల్టేజీ.

```
Qn = Qnet x (1 - p) x (Un / U)^2
   = 50 x 0.93 x (525 / 415)^2
   = 74.4 kvar
```

అంటే బస్‌బార్ దగ్గర 50 కావాలంటే 525 వోల్టుల లేబుల్ మీద 75 ఉండాలి. 25 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్ సెల్లులు మూడు సమాంతరంగా పెట్టాము. చిన్న స్టెప్పులకు 25ది ఒకటి, 12.5ది ఒకటి.

ఇప్పటి లెక్క: 25 కె.వి.ఎ.ఆర్. సెల్లులు ఇరవై, 12.5 కె.వి.ఎ.ఆర్. సెల్లులు రెండు. లేబుళ్ల మొత్తం 525 కె.వి.ఎ.ఆర్., నికరం 350. (లేబుల్ మొత్తమూ లేబుల్ వోల్టేజీ ఒకే అంకె కావడం కేవలం కాకతాళీయం. కొనుగోలు కాగితాల మీద మాత్రం ఇది చాలా గందరగోళం చేసింది.)

దశ 4: వచ్చిన సరుకు కొలత

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఖరీదైన తప్పిదం ఇక్కడే దొర్లబోయి ఆగింది. ప్యానెల్ తయారీదారు పంపిన మొదటి 50 కె.వి.ఎ.ఆర్. స్టెప్పులో 25 కె.వి.ఎ.ఆర్. సెల్లులు రెండే ఉన్నాయి. రియాక్టర్ మీద 50 కె.వి.ఎ.ఆర్., 7 శాతం అని ఉంది, రెండు సెల్లుల లేబుళ్లు కలిపినా 50 వస్తుంది, కాబట్టి చూసేవారికి జత సరిగ్గా కుదిరినట్టే ఉంటుంది. కానీ రియాక్టర్ మీది 50 నికర అంకె, కెపాసిటర్ మీది 50 మాత్రం 525 వోల్టుల దగ్గరి అంకె.

మేము చేసిన తనిఖీ ఇది. ఎవరైనా చేయవచ్చు, కెపాసిటెన్సు మీటర్ ఒక్కటి ఉంటే చాలు.

1. కెపాసిటర్ పూర్తిగా డిశ్చార్జి అయిందని వోల్టు మీటర్‌తో రూఢి చేసుకోవాలి.
2. సెల్లును విడదీసి, మూడు టెర్మినళ్లలో రెండింటి మధ్య కొలవాలి. 525 వోల్టుల 25 కె.వి.ఎ.ఆర్. సెల్లుకు సుమారు 144 మైక్రోఫారడ్‌లు రావాలి.
3. డెల్టాలో ఉన్న సెల్లుకు ఆ అంకెను రెండుతో గుణిస్తే ఒక్కో ఫేజుకు స్టార్ విలువ వస్తుంది, అంటే 289. మూడు సెల్లులకు 866.
4. రియాక్టర్ పలక మీది మిల్లీహెన్రీలు చూడాలి. మాది 0.82.
5. ఈ రెండింటితో సొంత అనునాదం లెక్కించాలి.

మూడు సెల్లులతో 189 హెర్ట్జ్ వస్తుంది. రెండు సెల్లులతో 231. ఆ 231, బలమైన మా 5వ హార్మోనిక్ 250కి ఎంత దగ్గరో చెప్పనవసరం లేదు. 250 హెర్ట్జ్ దగ్గర సరైన స్టెప్పు ఇంపెడెన్సు 0.55 ఓమ్, రెండు సెల్లుల స్టెప్పుది 0.18 ఓమ్. అంటే అదే వోల్టేజీకి మూడు రెట్ల 5వ హార్మోనిక్ కరెంటు లోపలికి లాగుతుంది. డీట్యూనింగ్ కోసం కొన్న ప్యానెల్ ఎవరికీ తెలియకుండానే 5వ హార్మోనిక్ ఫిల్టర్‌గా మారేది, అందుకు తగిన రియాక్టర్లూ కెపాసిటర్లూ మాత్రం అందులో లేవు.

తయారీదారు మొదట ఒప్పుకోలేదు. 415 వోల్టుల దగ్గర ఈ స్టెప్పు 33 కె.వి.ఎ.ఆర్. మాత్రమే ఇస్తుందని ఆయన సమక్షంలోనే ఆన్ చేసి చూపించాక మూడో సెల్లు వచ్చింది. ఆర్డరులో ఇకమీదట కె.వి.ఎ.ఆర్. ఒక్కటే రాయకుండా, ప్రతి స్టెప్పుకూ మైక్రోఫారడ్‌లు, మిల్లీహెన్రీలు రాసి ఇవ్వడం మొదలుపెట్టాము.

ఇప్పటి లెక్క: కొలిచి ఆమోదించిన స్టెప్పులు ఎనిమిది, నికరం 350.

దశ 5: వేడి

రియాక్టర్లు వేడిని పుట్టిస్తాయి. కెపాసిటర్లతో కలిపి ఒక్కో కె.వి.ఎ.ఆర్.కు 5 వాట్ల చొప్పున వేసుకుంటే మొత్తం 1750 వాట్లు. పాత ప్యానెల్‌లో ఇందులో చిన్న భాగమే ఉండేది, అయినా అక్కడ 58 డిగ్రీలు చూశాము. మా ప్యానెల్ గది రేకుల కప్పుది, మే నెలలో నీడలోనే 42 డిగ్రీలు ఉంటుంది. లోపల 10 డిగ్రీలకు మించి పెరగకూడదంటే గంటకు సుమారు 540 ఘనపు మీటర్ల గాలి కదలాలి. దుమ్ముపట్టిన జాలీలను లెక్కలోకి తీసుకుని దాదాపు రెట్టింపు ఫ్యాన్లు పెట్టాము.

తయారీదారు డ్రాయింగ్‌లో రియాక్టర్లు కింద, కెపాసిటర్లు పైన ఉన్నాయి. బరువు కింద ఉండాలన్నది వారి వాదన. వేడి గాలి పైకే పోతుంది కనుక అమరికను తిరగేయించాము, రియాక్టర్ల బరువుకు ఫ్రేమును బలపరచవలసి వచ్చింది. సెల్లుల పైన గట్టి రాగి పట్టీలకు బదులు వంగే తీగలు వాడి, డబ్బా మీద ఖాళీ వదలమన్నాము. సెల్లు లోపల పీడనం పెరిగినప్పుడు డబ్బా మూత పైకి లేచి లోపలి తీగను తెంపుతుంది. దాని రక్షణ అంతా ఆ కొన్ని మిల్లీమీటర్ల కదలికలోనే ఉంది, గట్టి పట్టీ ఆ కదలికను ఆపేస్తుంది.

దశ 6: ఆన్ చేసిన తరువాత

పాత స్టెప్పులను కొన్నాళ్లు కొత్తవాటితో కలిపి నడపాలన్న సూచన వచ్చింది, తిరస్కరించాము. 189 హెర్ట్జ్‌కు పైన కొత్త స్టెప్పులు రియాక్టర్లలాంటివే కనుక రియాక్టర్ లేని కెపాసిటర్ ఒక్కటి బస్‌బార్ మీద మిగిలినా అది మళ్లీ పాత అనునాదాన్నే తెస్తుంది.

అయినా మొదటి కొలతల్లో 17వ హార్మోనిక్ అనుకున్నదానికంటే ఎక్కువ కనిపించింది. వెతికితే ట్రాన్స్‌ఫార్మర్ పక్కన 25 కె.వి.ఎ.ఆర్. ఫిక్సెడ్ కెపాసిటర్ ఒకటి, పాత పంపు స్టార్టర్ల లోపల చిన్నవి కొన్ని దొరికాయి. ఏ డ్రాయింగ్‌లోనూ అవి లేవు. అన్నిటినీ తీసేశాము.

సీజన్ మొదలై తోతాపురి లారీలు వరుస కట్టాక, 560 కిలోవాట్ల దగ్గర ఆరు పెద్ద స్టెప్పులతో తీసిన కొలతలు:

1. 50 హెర్ట్జ్ దగ్గరి పవర్ ఫ్యాక్టర్ 0.99, హార్మోనిక్‌లతో కలిపి 0.98.
2. వోల్టేజీ టి.హెచ్.డి. 3 శాతం. కెపాసిటర్లు లేనప్పటి 4.2 కంటే కూడా తక్కువ.
3. ఒక్కో స్టెప్పులో 50 హెర్ట్జ్ కరెంటు 70 ఆంపియర్లు, 5వ హార్మోనిక్ 9 ఆంపియర్లు.
4. ప్యానెల్ పై భాగంలో 51 డిగ్రీలు.

దశ 7: ఒక సెల్లు పోయినప్పుడు

సీజన్ రద్దీలో నాలుగో స్టెప్పు నుంచి మూలుగు పెరిగింది. షిఫ్ట్ ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటర్‌తో చూసి వచ్చి, ‘‘సార్, దాంట్లో ఆంపియర్లు తగ్గినాయి, పక్కవి 71, ఇది 55. భారం తగ్గింది కదా, సద్దు ఎందుకు పెరుగుతాది?’’ అని అడిగాడు. అడగవలసిన ప్రశ్న అదే. అనలైజర్ పెడితే 50 హెర్ట్జ్ కరెంటు 46కు పడిపోయింది, 5వ హార్మోనిక్ 31 అయింది. పక్క స్టెప్పుల్లో అది 10కి అటూఇటూ.

మూడు సెల్లుల్లో ఒకదాని మూత లేచి, అది సర్క్యూట్ నుంచి తప్పుకుంది. మిగిలినవి రెండు. నాలుగో దశలో మేము ఒప్పుకోని జత ఇదే, అనునాదం అదే 231 హెర్ట్జ్. సెల్లు తన రక్షణ తాను చక్కగా చూసుకుంది, కానీ అది తప్పుకోవడంతో మిగిలిన రెండు సెల్లుల మీదా రియాక్టర్ మీదా 5వ హార్మోనిక్ మూడు రెట్లు పడింది. ఇలా వదిలేస్తే పోయేది రెండో సెల్లు. అప్పుడు అనునాదం 327 హెర్ట్జ్‌కు, అంటే 7వ హార్మోనిక్ పక్కకు చేరుతుంది. 12.5 సెల్లు ఉన్న చిన్న స్టెప్పుల్లో పెద్ద సెల్లు ముందు పోతే నేరుగా అక్కడికే పోతుంది.

మామూలు క్లాంప్ మీటర్ ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. సామర్థ్యం మూడో వంతు పోయినా మొత్తం కరెంటు ఐదో వంతే తగ్గింది, ఎందుకంటే పోయిన 50 హెర్ట్జ్ కరెంటు స్థానాన్ని కొంతవరకు 5వ హార్మోనిక్ నింపింది. రియాక్టర్‌లోని థర్మల్ స్విచ్ ఇంకా ట్రిప్ కాలేదు, దాని కోసం కాచుకుని ఉంటే ఆలస్యమే అయ్యేది.

మార్చినవి ఇవి:

1. రిలేలో ప్రతి స్టెప్పు నికర కె.వి.ఎ.ఆర్.ను అదే లెక్కగట్టే వీలు ఉంది. 20 శాతం తగ్గగానే అలారం, ఆ స్టెప్పు లాకౌట్ అయ్యేలా పెట్టాము. ఒక సెల్లు పోతే తగ్గేది 34 శాతం కనుక ఈ హద్దు దాన్ని తప్పకుండా పట్టుకుంటుంది, మామూలు వయసు క్షీణతకు మోగదు.
2. సెల్లు పోయిన స్టెప్పును కొత్తది వచ్చేదాకా నడపకూడదని ప్యానెల్ తలుపు మీద రాయించాము. స్టోర్‌లో 25 కె.వి.ఎ.ఆర్. సెల్లులు రెండు నిల్వ ఉంచాము.
3. నెలనెలా తీసే కొలతల పట్టికలో మొత్తం కరెంటు గడి తీసేసి, 50 హెర్ట్జ్ కరెంటుకు ఒకటి, 5వ హార్మోనిక్‌కు ఒకటి, రెండు గడులు పెట్టాము.

ఇప్పటి లెక్క: పనిచేస్తున్న స్టెప్పులు ఎనిమిది, నికరం 350, మార్చిన సెల్లు ఒకటి. వచ్చే అన్‌సీజన్‌లో రెండు చిన్న స్టెప్పుల్లోని జతలను తీసి, 12.5 సెల్లులు మూడేసి పెట్టాలి. మూడు వందల కిలోవాట్ల కొత్త కంప్రెసర్ వి.ఎఫ్.డి. మీద వస్తే 5వ హార్మోనిక్‌ను మళ్లీ కొలిచి, రియాక్టర్ పలక మీద ఇచ్చిన 5వ హార్మోనిక్ కరెంటు హద్దుతో పోల్చాలి.